ఆల్బంలో మిగిలిపోయిన నోరు

ఈలమ్మ ముందు పళ్ళు రెండూ ఉల్లిపాయల సంచిలో పడ్డాయి.

బస్సు మార్కెట్ స్టాపులో ఆగి ఉంది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. ఇక పోనిమ్మని డ్రైవరుకి చెప్పడానికి కండక్టరైన ఆవిడ ఎప్పటిలాగే గుండెల నిండా గాలి పీల్చి ఈల ఊదింది. ఈల మోగింది. మోగిన ఊపుకి పెదాల మధ్య నుంచి జారింది. దాని వెనకే పెట్టుడు పళ్ళు కూడా బయల్దేరాయి. ముందు సీటులో కూర్చున్న పెద్దాయన ఒళ్ళోని సంచిలో, ఎవరో గురిచూసి వేసినట్టు పడ్డాయి. ఆయన సంచిలోకి తొంగిచూశారు. ఉల్లిపాయల్ని ఒక్కొక్కటే పక్కకి జరిపి, పళ్ళని బయటికి తీసి, జేబురుమాలుతో తుడిచి, "మీవేనామ్మా?" అని అడిగారు. ఆ బస్సులో ఇంకెవరి పళ్ళూ పోయినట్టు లేదు గనక, తనవేనని ఈలమ్మ ఒప్పుకుంది.

ఆ ఉల్లిపాయల రోజునే ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. ఊడిరాని పళ్ళు కట్టించుకోవాలి.

అసలు పళ్ళు ఎలా పోయాయో కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట బస్సుకి అడ్డంగా ఒక కుక్క వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కుక్క బతికింది. ఈలమ్మ ముందు పళ్ళు మాత్రం తలుపు దగ్గరి ఇనప కడ్డీతో పోట్లాడి ఓడిపోయాయి. "క్షమించు చెల్లెమ్మా" అన్నాడు డ్రైవరు. "కుక్కకి చెప్పు అన్నయ్యా, పాపం అది భయపడింది" అంది ఈలమ్మ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని. ఆవిడ అలాంటి మనిషి. పళ్ళు లేకుండానే కొన్నేళ్ళు, తర్వాత తీసి పెట్టుకునే పళ్ళ ప్లేటుతో కొన్నాళ్ళు, ఆ బస్సుని నోటితో నడిపింది. స్టీరింగు డ్రైవరు చేతిలో ఉండేది, అంతే.

"ముందుకి జరగండి బాబూ, అక్కడేం ముళ్ళు లేవు!" "ఆ ఫుట్‌బోర్డు మీది వీరుడెవరు? మీ అమ్మగారు నిన్ను కన్నది గాలికి ఆరెయ్యడానికి కాదు, లోపలికి రా!" "చిల్లర లేదా? పోనీ, నవ్వైనా ఉందా?" ఇలా సాగేది ప్రయాణం. టికెట్టు లేనివాడు ఆవిడ గొంతు వినగానే జేబు తడుముకునేవాడు. ఆ నోటికి జనం భయపడేవారు, ఆ భయంలోనే ముచ్చటపడేవారు. పళ్ళ మధ్య సందు కనిపిస్తే కనిపించింది. అది ఆవిడ సందు. ఆవిడ ఇష్టం వచ్చినప్పుడు తెరిచేది, ఇష్టం లేనప్పుడు మూసేది.

ఆ ఇష్టం అనే ముక్కని కాస్త గుర్తుపెట్టుకోవాలి. గొడవంతా దాని గురించే.

బస్సు డిపో ఎదురుగా ఉన్న పళ్ళ ఆసుపత్రి డాక్టరు మంచి పనివాడు. ఆ మాట ఈలమ్మ ఎంత కోపంలో ఉన్నా కాదనలేదు. పాత ప్లేటు తీయించి, అటూ ఇటూ ఉన్న పళ్ళకి ఆసరా ఇచ్చి, రెండు కొత్త పళ్ళు కదలకుండా కట్టాడు. కాకపోతే పని మొదలుపెట్టేముందు ఒక చిన్న సంగతి జరిగింది. ఈలమ్మ కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉంది. చిగుళ్ళకి మత్తెక్కింది. నోట్లో ఇటో ఉండ, అటో ఉండ దూది. ఆ స్థితిలో రిసెప్షన్ అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి, "ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా ఉందో ఒక ఫొటో తీసుకుంటామండీ. మా పేజీలో పెట్టుకోవచ్చు కదండీ?" అని అడిగింది.

ఈలమ్మ ఏమీ అనలేదు.

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. నిజమే. కాని ఆ పెద్దల నోట్లో దూది లేదు.

కొత్త పళ్ళతో ఆవిడ డ్యూటీకి వచ్చిన రోజుల్లో బస్సులో పండగలా ఉండేది. ఈల ఇంకా గట్టిగా మోగింది. డ్రైవరు అద్దంలో చూసి, "చెల్లెమ్మా, నీ నవ్వు వెలుగుకి నాకు హెడ్‌లైట్లు అక్కర్లేదు" అన్నాడు. అంతా బాగానే ఉంది, పాసుగారు ఫోను తీసేదాకా.

పాసుగారంటే ఒక బ్రీఫ్‌కేసు మనిషి. ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఆయన నెల పాసు పోస్టాఫీసు స్టాపు వరకే. ఆయన ఆఫీసు దాని తర్వాత రెండు స్టాపులకి. ఆ రెండు స్టాపులూ నిద్ర నటిస్తూ దాటెయ్యడం ఆయన కళ. ఆ నిద్రని చెడగొట్టడం ఈలమ్మ కళ. "పాసుగారూ, పోస్టాఫీసు వెళ్ళిపోయింది. మీరు ఉత్తరమైతే దింపేసేవాళ్ళం, మనిషి కదా, టికెట్టు తీసుకోండి!" అనేది. బస్సు నవ్వేది. ఆయన ముఖం మాడ్చుకుని కొనేవాడు.

ఒక ఉదయం ఈలమ్మ అలాగే నోరు తెరవబోయింది. పాసుగారు కళ్ళు మూసుకోలేదు. ఫోను ఆవిడకేసి తిప్పాడు.

"టికెట్టు సంగతి తర్వాత చూద్దాం గాని కండక్టరమ్మా, ఈవిడెవరో చెప్పుకోండి."

తెరంతా ఒక నోరు. పెదవి పైకి లాగి, చిగుళ్ళు కనిపించేలా, మధ్యలో చీకటి సందుతో, కళ్ళు సగం మూసుకున్న ఈలమ్మ. దాని పక్కన కొత్త పళ్ళ ఈలమ్మ. కింద పెద్ద అక్షరాలతో, "ఇలా ఉండేవారు, ఇలా అయ్యారు!"

ఫోను చేతులు మారింది. వెనక సీట్లదాకా నవ్వు పాకింది. ఆ నవ్వు ఆవిడ ఎన్నోసార్లు పుట్టించిన నవ్వే, కాని ఈసారి ఆవిడ పుట్టించింది కాదు. పాసుగారు హాయిగా ఆఫీసు స్టాపులో దిగిపోయాడు. ఈలమ్మ టికెట్టు అడగలేదు. నోరు తెరిస్తే అందరూ ఆ సందునే చూస్తారనిపించింది. కొత్త పళ్ళు వచ్చాక మొదటిసారి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డ్యూటీ దిగగానే టికెట్ల సంచి భుజానే ఉంచుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

"ఏమమ్మాయ్, నా నోరేమన్నా మీ బోర్డా? ఊరంతా చూడ్డానికి వేలాడదీశారు?"

రిసెప్షన్ అమ్మాయి చెడ్డది కాదు. ఫోన్లు ఎత్తడం, టైములు ఇవ్వడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, వీటితో పాటు పేజీ నడపడం కూడా జీతం పెంచకుండా నెత్తిన పెట్టిన పని. "అయ్యో, మీకు ఇష్టం లేదా ఆంటీ? అప్పుడు చెప్పలేదుగా" అంది.

"దూది చెప్పనిస్తేగా!"

అమ్మాయి అప్పటికప్పుడు పోస్టు తీసేసి, పేజీ పైనుంచి కిందిదాకా వేలితో తోసి చూపించింది. "చూడండి, లేదు." నిజంగానే లేదు. ఈలమ్మ చల్లబడింది.

మర్నాడు పాసుగారు మళ్ళీ ఫోను తిప్పాడు. అదే నోరు. ఈసారి దానికి సంగీతం కూడా ఉంది. చుట్టూ నక్షత్రాలు మెరుస్తున్నాయి.

ఈలమ్మకి రక్తం తలకెక్కింది. సాయంత్రం మళ్ళీ ఆసుపత్రి. "తీసేశానన్నావు! నక్షత్రాలు కూడా అతికించి మళ్ళీ పెట్టావా?"

అమ్మాయి కంగారుగా వెతికి, నాలిక కరుచుకుంది. స్టోరీ ఆంటీ ఇది, అంది. స్టోరీ పెడితే ఒక్క రోజుకి దానంతటదే పోతుందట. కాని బాగున్నవాటిని ఏరి పేజీ మీద గుండ్రటి బొమ్మల్లో దాచుకుంటారట. వాటిని హైలైట్లంటారట. అందులో పెడితే ఎవరో తీసేదాకా ఉంటుంది. పోస్టు పోయినా ఇది పోదు, దీని దారి దీనిదే. ఆసుపత్రి పేజీలో ఆ గుండ్రానికి 'చిరునవ్వులు' అని పేరు. అమ్మాయి అందులోంచి ఈలమ్మని తీసేసింది. అయినా ఆ బొమ్మ స్టోరీల పాత భోషాణంలో ఇంకా ఉంటుందని, అది తమకి తప్ప ఎవరికీ కనపడదని కూడా నిజాయితీగా చెప్పింది.

"నీకు మాత్రం ఎందుకు కనపడాలి? అక్కడా తీసెయ్యి."

అక్కడా తీసేసింది.

ఇంటికి వెళ్ళి ఈ సంగతి లిఫ్టు మెకానిక్కైన మొగుడికి చెబితే, ఆయన స్పానరు తుడుచుకుంటూ, "పోనీలేవే, నాలుగు రోజులు నవ్వి వాళ్ళే మరిచిపోతారు" అన్నాడు.

"నీ లిఫ్టు మధ్యలో ఆగితే లోపలివాళ్ళకి ఇలాగే చెబుతావా? పోనీలెండి, నాలుగు రోజుల్లో అలవాటైపోతుందని?"

ఆయన స్పానరుని ఇంకాస్త శ్రద్ధగా తుడుచుకున్నాడు. అనుభవజ్ఞుడు.

ఇంతలో ఒక చెడ్డ పని జరిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని టికెట్లు కొడుతున్న ఈలమ్మ, వెనక నిలబడ్డ ఒకణ్ణి గట్టిగా అడగలేదు. చెకింగ్ ఆయన ఎక్కాడు. వాడి దగ్గర టికెట్టు లేదు. చెకింగ్ ఆయన ఈలమ్మని పక్కకి పిలిచి, "ఏమైందమ్మా నీకు? నీ గొంతు రెండు వీధుల అవతలికి వినపడేది. ఇంకోసారి ఇలా దొరికితే నా చేతుల్లో ఉండదు. బస్సు దింపి సామాన్ల గదిలో కూర్చోబెడతారు" అన్నాడు.

సామాన్ల గదంటే ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే గది. కిటికీ లేదు. గోడలనిండా గొడుగులు, మూత పోయిన సీసాలు, జత లేని చెప్పులు. వాటి మధ్య పొద్దస్తమానం కూర్చుని, ఎవరూ రాని కౌంటరులో ఎదురుచూడాలి. గొడుగులకి ఈల ఎవరు ఊదుతారు? వాటితో "ముందుకి జరగండి" అని ఏం చెబుతారు? ఆ గది తలుచుకుంటేనే ఈలమ్మకి ఊపిరాడలేదు. ఒకరి పేజీకి అలంకారంగా తన నోరు వాడుకున్నారు. ఆ నోటి వల్లే తన బస్సు పోతుంది. ఏ ఊరి న్యాయం ఇది?

ఆ మర్నాడే పాసుగారు మూడోసారి ఫోను తిప్పాడు. "పోస్టు పోయింది, స్టోరీ పోయింది, మీరు మాత్రం ఎక్కడికి పోతారు కండక్టరమ్మా?"

మళ్ళీ అదే నోరు. ఈసారి గుండ్రంగా, పెద్దగా, కింద జనం పెట్టిన నవ్వు బొమ్మలతో సహా. కాలనీ మలుపు దగ్గర ఎక్కే టైలరమ్మ ముందు సీటులోంచి ఆ తంతంతా చూస్తూనే ఉంది. ఆవిడ నాలుగు మాటలకి ఒక్క మాట ఆడే మనిషి, మిగిలిన మూడూ సూది కింద కుట్టేస్తుంది. చివరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక తన ఫోను తీసుకుని ఈలమ్మ పక్కన కూర్చుంది.

"అక్కా, ఇది ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దాం. వాడికి దొరికింది మనకి దొరకదా?"

పేజీ తెరిచింది. పోస్టుల్లో లేదు. గుండ్రాల్లో లేదు. ఫొటోలు అని ఉన్నచోట నొక్కింది. దాని కింద ఆల్బంలు. అందులో ఒకటి, 'ప్రొఫైల్ ఫొటోలు'.

ఆ ఆసుపత్రికి ఒక పద్ధతి ఉంది. వారానికో నోరుని పేజీకి ముఖంగా పెడతారు. 'ఈ వారం నవ్వు' అంటారు. కొత్త వారం రాగానే కొత్త నోరు. పాత నోరు పోయిందనే అనుకున్నారు. పోలేదు. కొత్త ఫొటో పెడితే పాతది చెరిగిపోదు, ఆల్బంలో ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. ఫొటో మార్చామని పేజీ మీద వచ్చే ప్రకటనని రిసెప్షన్ అమ్మాయి ఎప్పటికప్పుడు కనపడకుండా దాచేది. ప్రకటన దాగింది గాని ఫొటో ఆల్బంలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అచ్చం మన బస్సే అనుకుంది ఈలమ్మ. ముందుకి జరగండి అంటే జరుగుతారు గాని, ఎవరూ దిగరు.

టైలరమ్మ వేలితో తోస్తూ పోయింది. ఈలమ్మ నోరు. తర్వాత పొద్దున్నే ఎక్కే కాపలా ఆయన నోరు. తర్వాత బడి దగ్గర ఎక్కే పంతులమ్మ నోరు. మార్కెట్టులో దిగే కూరల ఆవిడ నోరు. ఉల్లిపాయల పెద్దాయన కూడా ఉన్నారు, పాపం, పళ్ళు అస్సలు లేకుండా. అందరూ వెల్లకిలా, అందరూ కళ్ళు సగం మూసుకుని, అందరి నోట్లోనూ దూది.

"వీళ్ళంతా మన బస్సువాళ్ళే!" అంది ఈలమ్మ.

టైలరమ్మ వేలు ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర మీద ఒక పుచ్చిపోయిన దవడ పన్నూ, దాని పైన టైలరమ్మ ముక్కూ.

ఆవిడ ఫోనుని ఒళ్ళో బోర్లించింది. తర్వాత, "నేను కుట్టిన బట్టల కొలతలు కూడా ఎవరికీ చెప్పను అక్కా. నడుము ఎంతో మొగుడు అడిగినా చెప్పను" అంది. అది ఆవిడ ఆ నెలంతటికీ కలిపి ఆడిన మాటలంత ఉంటుంది.

ఈలమ్మ కోపం అక్కడ రంగు మారింది. అప్పటిదాకా తన నోటి గురించి కోపం. ఇప్పుడు వాళ్ళందరి గురించి. తన బస్సులో ఎక్కినవాళ్ళు తన పూచీ. దిగేదాకా వాళ్ళకి దెబ్బ తగలకూడదు. ఇదీ దెబ్బే కదా.

మధ్యాహ్నం ట్రిప్పులో చాలా రోజుల తర్వాత ఆవిడ చెయ్యి అడ్డం తీసేసి నోరు తెరిచింది.

"ఏమండోయ్! డిపో ఎదురు ఆసుపత్రిలో పళ్ళు చూపించుకున్నవాళ్ళంతా వినండి! మీ నోళ్ళు వాళ్ళ ఆల్బంలో ఉన్నాయి. ఉంటే బాగుందనుకునేవాళ్ళు హాయిగా ఉండనివ్వండి, మీ అందం మీ ఇష్టం. వద్దనుకునేవాళ్ళు సాయంత్రం నాతో దిగండి!"

బస్సు బస్సంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం ఆసుపత్రి వరండా నిండిపోయింది. ఉల్లిపాయల పెద్దాయన అందరికన్నా ముందున్నారు. "నా మనవరాలు నన్ను హీరో అనుకుంటోందయ్యా" అని డాక్టరుకి మొర పెట్టుకున్నారు. "దాని కంట పడితే నా బతుకేం కావాలి?"

డాక్టరు చేతులు నలుపుకుంటూ, "ఇందులో తప్పేముందండీ? నా పనితనం చూపించుకోవద్దా?" అన్నాడు.

"పనితనం మీదే, కాదనం. పన్ను మాది" అంది ఈలమ్మ. "నేను టికెట్టు కొట్టాను కదా అని ప్రయాణికుడి జేబులో చెయ్యి పెట్టొచ్చా?"

"మీరెవరూ వద్దనలేదు కదమ్మా."

"అడిగింది ఎప్పుడు? నోట్లో దూది పెట్టాక! ఉరితాడు బిగించి, ఆఖరి కోరిక పాటగా పాడమన్నట్టు ఉంది మీ వరస."

డాక్టరు రిసెప్షన్ అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి నేల వైపు చూసింది. అమ్మాయిని ఏమీ అననివ్వలేదు ఈలమ్మ. "ఆ పిల్లనేం చూస్తారు? పది పనులు ఒక్క జీతానికి చేయిస్తే పదకొండోది ఇలాగే ఉంటుంది. ఏమ్మా, కూర్చో. నేనూ పక్కన కూర్చుంటాను."

అమ్మాయి ఆల్బం మొత్తాన్ని ఒక్క దెబ్బకి తీసెయ్యాలని చూసింది. ఆ ఆల్బం అలా పోదు. ఒక్కో ఫొటోనీ తెరవాలి, మూలనున్న మూడు చుక్కలు నొక్కాలి, తీసెయ్యి అనాలి, నిజంగానే తీసెయ్యమంటావా అని అది అడిగితే అవుననాలి. "చూశావా, దానికున్న మర్యాద మీకు లేదు. అది రెండుసార్లు అడుగుతోంది" అంది ఈలమ్మ. తర్వాత చెత్తబుట్ట లాంటి చోటికి వెళ్ళి అక్కడా ఖాళీ చేయించింది, లేకపోతే కొన్నాళ్ళు అందులో ఉంటాయట. ఒక్కొక్కరే ముందుకొచ్చి, తన నోరు పోవడం కళ్ళారా చూసుకుని, ఊపిరి పీల్చుకుని, పక్కకి జరిగారు. ఈలమ్మ అలవాటు కొద్దీ, "పని అయినవాళ్ళు ముందుకి జరగండి, జరగండి" అంటూనే ఉంది. పంతులమ్మ మాత్రం తన కొత్త పళ్ళ ఫొటో ఉంచమంది, పాతది తీసి. ఉంచారు.

ఇంటికి వెళుతూ టైలరమ్మ అడిగింది. "ఎవరైనా ఇదివరకే ఫోనులో దాచుకుని ఉంటే?"

"ఉంటే ఏం చేస్తాం? ఎవడి ఫోనులోనో చెయ్యి పెట్టలేం" అంది ఈలమ్మ. ఆ రాత్రి ఆవిడకి సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు బస్సు పోస్టాఫీసు దాటింది. ఈలమ్మకి రాత్రి అనుమానం ఇంకా తీరలేదు. అయినా పాసుగారి సీటు ముందు నిలబడింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"పాసుగారూ, టికెట్టు."

"ఉండండి, ముందు మీ బొమ్మ చూద్దాం." ఆయన ఫోను తీశాడు. నవ్వుకుంటూ పేజీ తెరిచాడు. నొక్కాడు. ఆల్బం తెరిచాడు. అందులో నవ్వుతున్న పంతులమ్మ ఒక్కతే ఉంది.

"అరె," అన్నాడు. మూసి మళ్ళీ తెరిచాడు. గుండ్రాలు చూశాడు. పోస్టులన్నీ తోశాడు. రోజూ దొరికే వస్తువుని ఎవరు దాచుకుంటారు? ఆయన దాచుకోలేదు. బస్సంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"తొందరేం లేదు సార్, వెతుక్కోండి" అంది ఈలమ్మ, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ.

ఆయన వెతుకుతూనే ఉన్నాడు. ఒక స్టాపు పోయింది. ఆఫీసు స్టాపు కూడా పోయింది. చూసుకోలేదు. ఆ తర్వాతి స్టాపులో చెకింగ్ ఆయన ఎక్కాడు.

"టికెట్టు?"

పాసుగారు తలెత్తి, కిటికీలోంచి చూసి, బ్రీఫ్‌కేసు పట్టుకుని లేచాడు. అప్పటికే ఆలస్యమైంది. "అడిగానండీ, అందరి ముందూ అడిగాను" అంది ఈలమ్మ. "అడిగింది, అడిగింది!" అని బస్సంతా ఒక్క గొంతుతో సాక్ష్యం చెప్పింది. జరిమానా రాస్తూ చెకింగ్ ఆయన, "గొంతు తిరిగొచ్చిందే" అన్నాడు. సామాన్ల గది మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. గొడుగులు ఒంటరిగానే ఉండిపోయాయి.

కొన్నాళ్ళకి ఈలమ్మ పళ్ళు ఎలా నిలిచాయో చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో అటూ ఇటూ దూది పెట్టి, డాక్టరు అద్దంతో లోపలికి చూశాడు. కట్టు బ్రహ్మాండంగా ఉందన్నాడు. తర్వాత కడుపులోది దాచుకోలేక, నిట్టూర్చాడు.

"ఏం చెప్పమంటావమ్మా, నీ పుణ్యమా అని మా పేజీ బోసిగా అయిపోయింది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

ఈసారి ఈలమ్మ మౌనంగా ఉండలేదు. లేచి కూర్చుంది. నోట్లోంచి దూది ఉండలు రెండూ తీసి, డాక్టరు చేతిలోని పళ్ళెంలో పెట్టింది.

"ఏమీ అనుకోరు డాక్టరుగారూ, బోసి నోటితో నేను అన్నేళ్ళు నవ్వలేదూ?"